11 నిమిషాల వాయిస్ నోట్‌లోంచి పనుల జాబితా తీయడం ఎలా? నేను రాసింది ఒకలా, తమ్ముడు రాసింది ఇంకోలా ఉంది

తూనీగ
మా అత్తయ్యా మామయ్యా ఈ శనివారం, అంటే 14న పొద్దున ఊరెళ్తున్నారు. తిరిగి 23 సోమవారం మధ్యాహ్నం వస్తారు. ఈలోగా ఇల్లు చూసుకునే పని నాదీ మా తమ్ముడిదీ. ఒకరోజు నేను, ఒకరోజు వాడు. నిన్న, బుధవారం రాత్రి అత్తయ్య వాయిస్ నోట్ పంపింది. 11 నిమిషాల 40 సెకన్లు. చేపల తొట్టి, మొక్కలు, తాళాలు, ఎవరో వస్తారని, ఏదో ముట్టుకోవద్దని, మధ్యలో మామయ్యతో మాటలు, మళ్ళీ చేపలు. మూడుసార్లు విని 31 లైన్లు రాశాను. తమ్ముడు కూడా విడిగా విని రాసుకున్నాడు. పక్కపక్కన పెట్టి చూస్తే చేపలకి రోజుకి రెండుసార్లు మేత అని నేను రాశాను, ఒక్కసారే అని వాడు రాశాడు. ఇద్దరం విన్నది ఒకే నోట్! దీన్ని తప్పుల్లేని జాబితాగా మార్చే పద్ధతి ఏమైనా ఉందా?

కొత్తచెప్పులు
ఇకమీదట వాయిస్ నోట్ పెట్టొద్దని చెప్పేయండి. మా ఇంట్లో అందరికీ చెప్పేశాను, టైప్ చేస్తేనే చదువుతానని. ఇప్పుడు హాయిగా ఉంది.

తూనీగ
@కొత్తచెప్పులు ఆపడం ఎలాగని కాదు నేను అడిగింది. అత్తయ్యకి టైప్ చేయడం కష్టం, కళ్ళు సహకరించవు. నోట్ వచ్చేసింది, అందులో ఉన్నవన్నీ నిజంగా చేయాల్సిన పనులే. వాటిని ఎలా బయటికి తీయాలన్నదే నా బాధ. గందరగోళం అర్థం కావాలంటే ఈ ముక్క చూడండి, ఉన్నదున్నట్టు టైప్ చేశాను:

"ఆ... చేపలకి పొద్దున మేత వెయ్యి, కొంచెమే, ఎక్కువ వెయ్యకు, పోయినసారి ఎక్కువ పడి నీళ్ళు తెల్లగా అయిపోయాయి, సాయంత్రం కూడా కాస్త వెయ్యి. మొక్కలకి రోజూ నీళ్ళు పొయ్యాలి, అంటే బాల్కనీలో వాటికి, లోపలివాటికి రెండు మూడు రోజులకోసారి చాలు. బాల్కనీలో ఆ మూలనున్నది మాత్రం ముట్టుకోకు, ఏం? తాళం కింది తాళం ముందు తియ్యాలి... కాదు, పైది ముందు. ఫిల్టర్ స్విచ్ ఆపకు. కరెంటు పోయి వస్తే ఓసారి చూడు, అది దానంతటది మొదలవ్వదు ఒక్కోసారి. వచ్చే శనివారం మెట్ల దగ్గర లైటు బాగుచెయ్యడానికి ఒకాయన వస్తాడు..."

లెక్కలమాస్టారు
మొత్తం అక్షరం పొల్లు పోకుండా టైప్ చేసుకోండి. తర్వాత అక్కర్లేని మాటలు ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతే మిగిలేదే జాబితా. వినడానికి 2x పెట్టుకుంటే ఆరు నిమిషాల్లో అయిపోతుంది. ఇంతకంటే పద్ధతి ఏముంటుంది?

రాత్రి_డ్యూటీ
నర్సుగా పదిహేడేళ్ళ నుంచి డ్యూటీ మారేటప్పుడు నోటిమాటగా చెప్పినవి రాసుకుంటున్నాను కాబట్టి చెప్తున్నా. @లెక్కలమాస్టారు చెప్పినట్టు రాస్తే నమ్మకంగా ఒక్క మాటా పోదు, అది నిజం. కానీ ఆ రాత నోట్ నడిచిన వరుసలోనే ఉండిపోతుంది. అత్తయ్యగారు చెప్పిన వరుస ఆవిడకి గుర్తొచ్చిన వరుస. మీకు కావాల్సింది చేసే వరుస. ఎంత కొట్టేసినా మొదటిది రెండోదిగా మారదు.

నేనైతే మొదటిసారి పెన్ను పట్టుకోకుండా చివరిదాకా వింటాను. మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ ముందు చెప్పింది మార్చేస్తుంది. మూడో నిమిషంలో రాసేసుకుంటే అక్కడితో ఆ విషయం అయిపోయిందని మన మనసు తలుపు వేసేస్తుంది, తొమ్మిదో నిమిషంలో అదే విషయం మళ్ళీ వచ్చినా చెవికెక్కదు. మీ ఇద్దరి చేపల తేడా అలా వచ్చిందేనని నా అనుమానం. చివర్లో ఎక్కడో "సాయంత్రం వద్దులే" అని ఉండి ఉంటుంది, వెతకండి.

2x మాత్రం ఈ పనికి వద్దు. తెలుగులో వద్దు, కాదు అనేవి మాట చివర ఉంటాయి. "వెయ్యి"కీ "వెయ్యకు"కీ మధ్య తేడా ఒక్క అక్షరం. వేగం పెంచితే మొదట పోయేది ఆ చివరి అక్షరమే.

తూనీగ
@రాత్రి_డ్యూటీ దొరికింది! 9:05 దగ్గర. "ఆ, చేపలకి సాయంత్రం వద్దులే, పొద్దున ఒక్కసారి చాలంటున్నారు మీ మామయ్య." వెనక ఏదో గిన్నె చప్పుడు కూడా ఉంది, అందుకే నేను మూడుసార్లు విన్నా పట్టుకోలేకపోయాను. తమ్ముడిదే కరెక్ట్.

చేపలతొట్టి
మేత విషయం తేలింది, సంతోషం. రెండుసార్లు వేసి ఉంటే తొమ్మిది రోజుల్లో తొట్టి పాడయ్యేదే. తినగా మిగిలింది అడుగున కుళ్ళుతుంది, నీళ్ళు తెల్లబడటం అంటే అదే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు ఒకటి రెండు రోజులు తినకపోయినా ఏమీ కాదు. ఎక్కువ తింటేనే ప్రమాదం.

దానికంటే ముఖ్యమైన మాట ఫిల్టర్‌ది. "ఆపకు" అనేది ఒక పని, "కరెంటు పోయి వస్తే చూడు" అనేది వేరే పని. రెండూ ఒక లైన్లో రాయకండి. తొట్టి అంచుకి వేలాడే రకం అయితే కరెంటు వచ్చాక మోటారు తిరుగుతుంది, చప్పుడూ వస్తుంది, కానీ లోపల నీళ్ళు దిగిపోయి ఉంటే ధార పడదు. ఫిల్టర్ డబ్బాలో ఒక గ్లాసు తొట్టి నీళ్ళు పోస్తే మళ్ళీ అందుకుంటుంది. అందుకని జాబితాలో "ఫిల్టర్ చూడు" అని రాయొద్దు, "ధార పడుతోందా చూడు" అని రాయండి. చూడు అంటే ఏం చూడాలో మీ తమ్ముడికి ఎలా తెలుస్తుంది?

పాతగొడుగు
మా ఇంట్లో ఇలాగే అయింది, కాకపోతే మందుల విషయంలో. అన్నయ్య ఊరెళ్తూ నాన్నగారి మాత్రల గురించి వాయిస్ నోట్ పెట్టాడు. "పొద్దున నీలం మాత్ర ఒకటి, రాత్రి తెల్లది సగం." నేను చక్కగా జాబితా రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మూడో రోజు కొత్త షీటు తెస్తే అదే మందు వేరే కంపెనీది, రంగు తెలుపు. రెండు తెల్లవి ఎదురుగా పెట్టుకుని వణుకు వచ్చేసింది. అన్నయ్య ఫోన్ ఎత్తేసరికి గంట పట్టింది. ఏమీ కాలేదు కానీ ఆ గంట నేను మర్చిపోలేను.

రాత్రి_డ్యూటీ
@పాతగొడుగు మీరు ఆగి ఫోన్ చేశారు, అదే కావాల్సింది. మందుల జాబితా మాత్రం వాయిస్ నోట్‌లోంచి ఎప్పుడూ తయారు చేయకండి. చీటీ ఫోటో తెప్పించుకుని, షీటు మీదున్న పేరూ మోతాదూ చూసి రాయండి. నోట్‌లో చెప్పినదానికీ చీటీకీ తేడా ఉంటే చీటీ రాసిన డాక్టర్నే అడగాలి. మా దగ్గర ఫోన్‌లో డాక్టర్ మందు చెప్తే రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపించి, ఔనన్నాకే ఇస్తాం. ఇంగ్లిష్ అంకెలైతే ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయని "వన్ ఫైవ్" అని విడదీసి చదువుతాం.

@తూనీగ రెండోసారి వినేటప్పుడు పెన్ను పట్టుకోండి. పని అనిపించిన ప్రతిదీ ఒక లైను, పక్కన అది ఎన్నో నిమిషంలో ఉందో. ఇంకా సర్దకండి, కలపకండి. "కొంచెం", "అది", "ఆ మూల", "అప్పుడప్పుడు", "మామూలుగానే" లాంటి మాట వస్తే పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి, అర్థం ఊహించకండి.

లెక్కలమాస్టారు
సమయం రాసుకోవాలన్నది బాగుంది, ఒప్పుకుంటున్నా. సందేహం వస్తే మొత్తం మళ్ళీ వినక్కర్లేదు.

తూనీగ
చేశాను. ఒక గంట పట్టింది. 31 లైన్లు 22 అయ్యాయి, ఎందుకంటే చేపలు నాలుగు చోట్ల, తాళం మూడు చోట్ల వచ్చాయి. ప్రశ్న గుర్తు పడ్డవి ఇవి:

2:20 మేత "కొంచెం" అంటే ఎంత
3:02 లోపలి మొక్కలకి "రెండు మూడు రోజులకోసారి"
3:15 బాల్కనీలో "ఆ మూలనున్నది"
3:30 పై తాళం ముందా, కింది తాళం ముందా
4:48 "వచ్చే శనివారం" అంటే 14నా, 21నా
7:10 "వాన పడితే చూసుకో". ఏం చూసుకోవాలి?

మూలనున్నది బహుశా ముళ్ళ మొక్క అయి ఉంటుంది. నిరుడు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు బాల్కనీ మూలన చూసిన గుర్తు. దానికి ఎలాగూ నీళ్ళు అక్కర్లేదు కాబట్టి "ముళ్ళ మొక్కకి నీళ్ళు వద్దు" అని రాసేయనా?

లెక్కలమాస్టారు
రాసేయండి. ఇంకేముంటుంది? ప్రతిదానికీ పెద్దవాళ్ళని విసిగించడం ఎందుకు.

రాత్రి_డ్యూటీ
వద్దు. ఆవిడ "మొక్క" అనలేదు, "మూలనున్నది" అంది. "నీళ్ళు వద్దు" అనలేదు, "ముట్టుకోకు" అంది. రెండు చోట్లా మీరు మీ మాట చేర్చారు. ఒకసారి జాబితాలోకి ఎక్కాక అది మీ ఊహ అని ఎవరికీ గుర్తుండదు, అత్తయ్య చెప్పిందనే మీ తమ్ముడు అనుకుంటాడు.

మూడోమేడ
నాదొక భయం. జాబితా తిప్పి పంపి ఇది సరేనా, అది సరేనా అంటే పెద్దవాళ్ళు నొచ్చుకోరా? మా పిన్నికి ఒకసారి పంపితే "అంత వివరంగా చెప్పాను కదా, వినలేదా" అంది. రెండు రోజులు మాట్లాడలేదు.

రాత్రి_డ్యూటీ
@మూడోమేడ మీ భయం నిజమైనదే. అందుకే జాబితా పంపొద్దు, ఫోన్ చేయండి. ఇంకో కారణం కూడా ఉంది. రాసి పంపి "సరేనా?" అంటే చాలామంది మొదటి రెండు లైన్లు చూసి "ఆ, సరే" అనేస్తారు. ఆ సరేకి విలువ లేదు. "అత్తయ్యా, నాకు సరిగ్గా అర్థమైందో లేదో నీకు చెప్పి చూపిస్తా, తప్పుంటే ఆపు" అని మొదలుపెడితే పరీక్ష మనకి అవుతుంది, ఆవిడకి కాదు.

అడిగేటప్పుడు కూడా "ఎంత వేయాలి?" అంటే "కొంచెమే" అనే వస్తుంది మళ్ళీ. "ఒక చిటికెడా, అర చెంచానా?" అనండి. "14నా, 21నా?" అనండి. ఎంచుకునేలా అడిగితే తేలిపోతుంది. మూలనున్నది మాత్రం అలా అడగొద్దు, "ఆ మూల ఏముంది?" అని ఖాళీగా వదిలేయండి. ముళ్ళ మొక్కేనా అని మీరే అందిస్తే, ఆవిడ వేరే ధ్యాసలో ఉండి ఔననేయొచ్చు.

పాతగొడుగు
ఆ చివరి మాట బంగారం. మా అన్నయ్యని "నీలం మాత్ర పొద్దునే కదా" అని నేనే అడిగాను, "ఆ" అన్నాడు. రంగు మారిన సంగతి తనకి తెలిసే అవకాశం ఎక్కడిది?

తూనీగ
ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. తొమ్మిది నిమిషాలు మాట్లాడింది, అస్సలు నొచ్చుకోలేదు, "బాగా విన్నావే" అంది.

మూలనున్నది మొక్క కాదు!! మొక్కలు పెట్టే మూడంచెల స్టాండు. ఒక కాలు విరిగితే కింద ఇటుక పెట్టి నిలబెట్టారట. దాన్ని జరిపితే పైనున్న కుండీలు మొత్తం కిందికి వస్తాయి. ముళ్ళ మొక్క ఆర్నెల్ల క్రితమే ఎవరికో ఇచ్చేసిందట. నా ఊహ రాసేసి ఉంటే, స్టాండు మీది కుండీలకి నీళ్ళు పోయడానికి తమ్ముడు దాన్ని ముందుకి లాగేవాడే.

మిగిలినవి: మేత ఒక చిటికెడు. లైటాయన 21న వస్తాడు. వాన పడితే ఆ రోజు బాల్కనీ మొక్కలకి నీళ్ళు మానేయాలి. లోపలివాటికి శనివారం పొద్దున తను పోసి వెళ్తుంది, ఆ తర్వాత మూడు రోజులకోసారి. తాళం సంగతి మాత్రం తనే మళ్ళీ తడబడింది, "చేతికి తెలుసే, నోటికి రావట్లేదు" అంది. రేపు సాయంత్రం వెళ్ళి తన ఎదుట నేనే తీసి చూస్తాను.

చేపలతొట్టి
రేపు వెళ్తున్నారు కదా, మేత గురించి ఒక పని చేయించండి. చిటికెడు కూడా మనిషిని బట్టి మారుతుంది. అత్తయ్యగారి చేత్తోనే రోజు మేత విడివిడిగా చిన్న కాగితాల్లో పొట్లం కట్టించి, ఒక్కోదాని మీద తేదీ రాయించండి. పెద్ద డబ్బా కంటికి కనపడకుండా దాచేయమనండి. మీరిద్దరు వంతులేసుకుంటున్నారు కాబట్టి ఇది ఇంకా అవసరం. "నువ్వు వేయలేదేమో అనుకున్నా" అని ఇద్దరూ వేసేస్తే నోట్‌లో ఉన్న రెండుసార్లు వేరే దారిలో వచ్చినట్టే. ఆ తేదీ పొట్లం లేకపోతే మేత పడినట్టు. వేరే టిక్కు అక్కర్లేదు.

తోటమాలి77
జాబితా రాసేటప్పుడు విషయాల వారీగా, అంటే చేపలు, మొక్కలు, తాళాలు అని విడదీయకండి. ఇంట్లోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచి నడిచే దారిలో రాయండి. తలుపు, హాల్లో తొట్టి, బాల్కనీ, మళ్ళీ తలుపు. కాళ్ళు ఎటు వెళ్తే కళ్ళు జాబితాలో అటే దిగాలి.

లోపలి మొక్కలకి "మూడు రోజులకోసారి" అని రాయకండి, తేదీలే రాయండి. ఇద్దరు వంతులేసుకుంటే మూడో రోజు ఎవరిదో ఎవరూ లెక్కపెట్టరు. 14న ఆవిడ పోస్తే 17, 20. 23న ఆవిడే వచ్చేస్తుంది.

మూడోమేడ
@తోటమాలి77 నడిచే దారి రోజూ చేసేవాటికి బాగుంటుంది. ఒక్కరోజు పని, అంటే 21న వచ్చే లైటాయన లాంటిది, ఆ దారిలో ఎక్కడ పెడతారు? నేనైతే తేదీల వారీగా ఒక్కో రోజుకి ఒక్కో చిన్న జాబితా రాస్తాను.

తోటమాలి77
ఎనిమిది రోజులకి ఎనిమిది జాబితాలా? ఏదైనా మారితే ఎనిమిది చోట్లా దిద్దాలి. ఏడు చోట్ల దిద్ది ఒకటి వదిలేస్తారు, రాసి పెట్టుకోండి.

మూడోమేడ
మారితే కదా.

తూనీగ
శుక్రవారం రాత్రి. వెళ్ళొచ్చాను. తాళం పైది ముందు, అది తీశాక తలుపు కాస్త మన వైపు లాగి పట్టుకుంటేనే కిందిది తిరుగుతుంది. ఈ లాగడం అనే మాట 11 నిమిషాల నోట్‌లో ఎక్కడా లేదు! అత్తయ్య అలవాటుగా చేసేస్తుంది కాబట్టి చెప్పాలని తనకే తట్టలేదు. పొట్లాలు కట్టించాను, 15 నుంచి 22 దాకా ఎనిమిది. 14నా 23నా మేత తనే వేస్తుంది. ఇదీ జాబితా:

వెళ్ళిన ప్రతి రోజూ (15 నుంచి 22, పొద్దున)
☐ పై తాళం తీసి, తలుపు మన వైపు లాగి పట్టుకుని, కింది తాళం తీయాలి
☐ ఆ రోజు తేదీ ఉన్న పొట్లం చేపలకి వేయాలి. పొట్లం లేకపోతే మేత పడిపోయినట్టే, మళ్ళీ వేయొద్దు
☐ ఫిల్టర్ ధార పడుతోందా చూడాలి. పడకపోతే ఫిల్టర్ డబ్బాలో ఒక గ్లాసు తొట్టి నీళ్ళు పోయాలి
☐ బాల్కనీ కుండీలకి నీళ్ళు. వాన పడితే మానేయాలి
☐ బాల్కనీ తలుపు గడియ వేయాలి
☐ రెండు తాళాలూ వేసి, ఒకసారి తోసి చూడాలి

తేదీ ఉన్నవి
☐ 17 మంగళ, 20 శుక్ర: లోపలి మూడు కుండీలకి నీళ్ళు
☐ 21 శని: లైటు బాగుచేసే ఆయన వస్తాడు. ఆయన వెళ్ళేదాకా ఇంట్లోనే ఉండాలి

చేయకూడనివి
బాల్కనీ మూల స్టాండు జరపొద్దు (కాలు విరిగింది, ఇటుక మీద నిలబడింది)
ఫిల్టర్ స్విచ్ ఆపొద్దు

రాత్రి_డ్యూటీ
బాగుంది. చేయకూడనివి అడుగున పెట్టారు, అది ఒక్కటే మార్చండి. తమ్ముడు బాల్కనీలో నిలబడి ఉన్నప్పుడు అడుగుదాకా చదవడు. స్టాండు మాట బాల్కనీ నీళ్ళ లైన్లోనే, నీళ్ళకంటే ముందు రావాలి: "మూల స్టాండు జరపకుండా, కుండీలకి నీళ్ళు." అలాగే స్విచ్ మాట ధార లైన్లో.

ఇంకొకటి. ఈ జాబితాని ఆ నోట్ అసలు వినని మనిషికి ఇచ్చి చదివించండి. మీరూ తమ్ముడూ వినేశారు కాబట్టి ఖాళీలు మీ మనసులోనే పూడిపోతాయి.

లెక్కలమాస్టారు
బ్రాకెట్లో కారణాలు ఎందుకు? జాబితా అంటే పనులు. కాలు విరిగిందో, ఇటుక పెట్టారో చేసేవాడికి అక్కర్లేదు, జరపొద్దంటే జరపకూడదు. ఇలా ఒక్కోదానికి కారణం రాస్తూ పోతే మళ్ళీ అది వాయిస్ నోటే అవుతుంది.

చేపలతొట్టి
నేను ఒప్పుకోను. స్టాండు కింద ఏదైనా పడిపోయిందనుకోండి. కారణం తెలిస్తే చెయ్యి పెట్టి తీయొచ్చు, స్టాండు కదపకూడదని అర్థమవుతుంది. తెలియకపోతే దగ్గరికే వెళ్ళడు, లేదా కొంచెం జరిపితే ఏమవుతుందిలే అని జరిపేస్తాడు.

లెక్కలమాస్టారు
అయితే ఫిల్టర్ స్విచ్‌కి కారణం రాయలేదేం మరి?

చేపలతొట్టి
రాయాలి. చేపలకి గాలి ఆడేది ఆ ధార వల్లే, పైగా ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపల నీటిని శుభ్రం చేసే సూక్ష్మజీవులు చనిపోతాయి. చప్పుడొస్తోందని ఎవరైనా కాసేపు ఆపితే మళ్ళీ వేయడం మర్చిపోతారు. మా ఇంట్లో అలాగే రెండు చేపలు పోయాయి.

లెక్కలమాస్టారు
మీ చేపల సంగతి విని బాధేసింది. అయినా లైను పొడవైతే జనం చదవరన్న నా మాట నాదే.

తూనీగ
@రాత్రి_డ్యూటీ మా స్నేహితురాలికి ఇచ్చి చదివించాను. మొదటి ప్రశ్న: "లోపలి మూడు కుండీలు అన్నావు, ఎక్కడెక్కడ ఉన్నాయి?" రెండు హాల్లో ఉన్నాయి, మూడోది స్నానాల గది కిటికీలో. నాకు తెలుసు కాబట్టి రాయలేదు. రెండో ప్రశ్న: "లైటాయన ఎన్నింటికి వస్తాడు? నువ్వు వెళ్ళేది పొద్దున కదా." అది నోట్‌లోనూ లేదు, నేను ఫోన్‌లోనూ అడగలేదు. అత్తయ్యకి మళ్ళీ ఫోన్ చేస్తే పదకొండు తర్వాతట. ఆయన నంబరు కూడా తీసుకున్నాను. 21న నేనే వెళ్తాను, తమ్ముడికి ఆ రోజు పరీక్ష.

పాతగొడుగు
ఇప్పుడు ఆ వాయిస్ నోట్ ఏం చేస్తారు? జాబితా అయ్యాక నేను తీసేస్తాను, రెండు ఉంటే మళ్ళీ గందరగోళం.

మూడోమేడ
తీసేయొద్దు! అందులో ఇంకేదైనా ఉండొచ్చు. స్టార్ పెట్టి ఉంచుకోండి.

రాత్రి_డ్యూటీ
ఉంచండి, కానీ మీ తమ్ముడు దాన్ని వినకూడదు. సందేహం వస్తే తను మిమ్మల్ని అడగాలి. లేకపోతే 2:20 దగ్గర సాయంత్రం మేత వేయమన్న మాట విని, 9:05 దాకా వెళ్ళకుండా ఆపేస్తాడు.

తూనీగ
18 బుధవారం. ఇప్పటిదాకా బాగానే ఉంది. 16న రాత్రి కరెంటు పోయిందట. 17న తమ్ముడు వెళ్ళేసరికి ఫిల్టర్ చప్పుడు వస్తోంది కానీ ధార లేదు. ఒక గ్లాసు నీళ్ళు పోస్తే అందుకుంది. @చేపలతొట్టి మీ మాట లేకపోతే చప్పుడు విని సరేలే అనుకునేవాడు. స్నానాల గది కిటికీ కుండీకి కూడా నీళ్ళు పోశాడు.

ఇందాక అత్తయ్య దగ్గర్నుంచి ఇంకో వాయిస్ నోట్ వచ్చింది, 3 నిమిషాల 10 సెకన్లు. "ఒక్కటి మర్చిపోయానే" అని మొదలవుతుంది. ఇంకా పూర్తిగా వినలేదు. దీన్ని వేరే జాబితాగా రాయనా, పాతదాంట్లో కలపనా?

తోటమాలి77
పాతదాంట్లోనే. @మూడోమేడ, మారింది చూశారా!

రాత్రి_డ్యూటీ
పాతదాంట్లోనే కలపండి. పైన "18 సాయంత్రం మార్చినది" అని రాసి, తమ్ముడి ఫోన్‌లో ఉన్న పాత జాబితా తీయించేయండి. ముందు మాత్రం పెన్ను పక్కన పెట్టి చివరిదాకా వినండి.

తూనీగ
విన్నాను. 2:31 దగ్గర "ఆ లైటాయన శనివారం కాదటే, ఆదివారం" అంది. తమ్ముడికి ఆదివారం ఖాళీనే. 22కి మార్చి, వాడి పేరు రాస్తున్నాను.